అసలు కఫీల్ మామగారే

“వరుడు విదేశంలో వర్క్ వీసాపై ఉద్యోగం. మంచి కుటుంబం. ఏ చెడు అలవాట్లూ లేవు. కుటుంబానికి దూరంగా ఉండటాన్ని అర్థం చేసుకునే అణకువ గల అమ్మాయి కావాలి.”

ఖానాపూర్‌లో ఇట్లాంటి బయోడేటా రాయడం ఎవరికీ కొత్త కాదు. జిరాక్సు సెంటరులో పాతది ఒకటి ఉంటుంది. పేరు, గోత్రం, ఫొటో మార్చి కొత్తది తీసిస్తారు. గోదారికి ఈ ఒడ్డున నిర్మల్ జిల్లా, ఆ ఒడ్డున జగిత్యాల జిల్లా. నది దాటినా బయోడేటా భాష మాత్రం మారదు. ఖానాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూర్, ఎక్కడ తీసినా వరుడు “విదేశంలో” ఉంటాడు. ఏ దేశమో రాయరు. అడిగితే “దుబాయి” అంటారు. మన దగ్గర సౌదీ కూడా దుబాయే, మస్కట్ కూడా దుబాయే, బహ్రెయిన్ అయితే దుబాయి పక్కన దుబాయి.

ఆ బయోడేటా రాయించిన పెద్దమనుషుల నైపుణ్యానికి దండం పెట్టాలి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. వీసా నిజం, విదేశం నిజం, దూరం నిజం. చివరికి అమ్మాయి అర్థం చేసుకోవాల్సి వస్తుందన్నది అన్నిటికంటే నిజం. ఏం అర్థం చేసుకోవాలో మాత్రం చెప్పలేదు. అది పెండ్లయ్యాక ఆమెకే తెలుస్తుంది, వెతుక్కునే పని వాళ్లకెందుకు?

అమెరికా సంబంధం బయోడేటాతో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ హెచ్-1బి అని రాస్తారు, ఎప్పుడు వచ్చిందో రాస్తారు, ఐ-140 అప్రూవ్ అయితే ఆ మాట అబ్బాయి పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పిల్లకు హెచ్-4 దొరుకుతుందా, 2015 నుంచి ఇస్తున్న పని పర్మిట్ ఆమెకు వచ్చేదెప్పుడు అని అమ్మాయి మేనమామ చట్టం చదివినవాడిలా అడుగుతాడు. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అనగానే, తెల్లారేసరికి కట్నాల రేటు కూడా చర్చకొచ్చింది. ఆ మేనమామే ఖానాపూర్‌లో దుబాయి సంబంధం చూడటానికి వచ్చినప్పుడు చాయ్ తాగి, “పిలగాడు బుద్ధిమంతుడే గదా” అని లేస్తాడు. అమెరికా వీసా చదవాల్సిన కాగితం, గల్ఫ్ వీసా నమ్మాల్సిన కాగితం. ఈ ధర్మశాస్త్రం ఎవరు రాశారోగానీ, జీతం తక్కువ ఉన్నచోట ప్రశ్నలు కూడా తక్కువే ఉండాలని గట్టిగా రాశారు.

సరే, ఆ దూరం సంగతే చూద్దాం. దూరమంటే హైదరాబాద్ నుంచి దుబాయికి విమానంలో నాలుగు గంటలు అనుకుంటున్నారేమో. ఖానాపూర్ నుంచి హైదరాబాద్‌కు బస్సులో పోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఉన్నది సముద్రం కాదు, ఒక జీతం గీత. యూఏఈలో భార్యను తీసుకుపోయి వీసా వేయించాలంటే భర్త జీతం నెలకు 4,000 దిర్హాములు ఉండాలి. కంపెనీ ఇల్లిస్తే 3,000 చాలు. కంపెనీ ఇచ్చేది ఒక గదిలో ఎనిమిది మందికి మంచం మీద మంచం అయితే అది ఈ లెక్కలో ఇల్లు కాదు. గీత పైన ఉన్నవాడు సంసారి, కింద ఉన్నవాడు బ్రహ్మచారి. మెడలో తాళి కట్టి వచ్చాడా అన్నది ఆ కౌంటర్లో ఎవరూ అడగరు.

మన వరుడి కథ ఇప్పుడు లెక్కలో పెడదాం. వయసు 28. కాంట్రాక్టు కాగితం మీద జీతం 1,200 దిర్హాములు. దిర్హాం 23 రూపాయలనుకుంటే 27,600 రూపాయలు. ఓవర్‌టైం దొరికిన నెల ఇంకొంత వస్తుంది, కానీ ఫ్యామిలీ వీసాకు చూసేది కాగితం మీది జీతమే. కంపెనీ యజమాని ధర్మాత్ముడై ఏటా 50 దిర్హాములు పెంచుతూ పోయాడనుకోండి. 1,200 నుంచి 4,000కు ఎక్కడానికి 56 ఏళ్లు పడుతుంది. అంటే అబ్బాయి తన 84వ ఏట భార్యకు వీసా వేయించగలడు. “పెండ్లయినంక ఆర్నెల్లల్ల తీస్కపోతడు” అని మధ్యవర్తి చెప్పిన మాటలో ఆర్నెల్లకు, 56 ఏళ్లకు చిన్న తేడా మాత్రమే ఉంది. మధ్యవర్తికి కమీషన్ వచ్చేది మాత్రం ఆర్నెల్ల లోపే.

సౌదీ అయితే ఇంకో తీరు. అక్కడ కూలీ పని రాసి ఉన్న అకామా మీద కుటుంబ వీసా దొరకడమే కష్టం. ఎట్లాగో దొరికినా 2017 జూలై నుంచి వెంట ఉన్న ఒక్కొక్క మనిషికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి, ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య భర్త పక్కన కూర్చుని అన్నం తిన్నందుకు ఏడాదికి 4,800 రియాళ్లు. కువైట్ 2024 జనవరిలో ఈ గీతను 800 దినార్లకు ఎత్తింది. మనవాళ్లు దాన్ని మెడ పైకెత్తి చూడొచ్చు, ఎక్కలేరు.

వీటిలో ఒక్క అంకె కూడా రహస్యం కాదు. ఏజెంటుకు తెలుసు, అబ్బాయికి తెలుసు, అబ్బాయి బావకు తెలుసు. అమ్మాయికి మాత్రం అంకెలకు బదులు అణకువ కావాలని రాసి ఇస్తారు.

ఇప్పుడు చుట్టీ. చాలా కంపెనీల కాంట్రాక్టు రెండేళ్లు, రెండేళ్లకోసారి టికెట్టు, రెండు నెలల సెలవు. ఈ రెండు నెలల్లోనే వరుడు శంషాబాద్‌లో దిగాలి, దుప్పట్లూ సెంట్లూ చాక్లెట్లూ పంచాలి, సంబంధాలు చూడాలి, ముహూర్తం పెట్టించాలి, పెండ్లి చేసుకోవాలి, అత్తగారింట్లో దావతులు తినాలి, మళ్లీ పెట్టె కట్టాలి. అమ్మాయి మెడలోని పసుపు తాడు ఇంకా పసుపుగానే ఉంటుంది. తర్వాతి చుట్టీకి వచ్చేసరికి పిల్లాడికి నడక వచ్చి ఉంటుంది, నాన్నను చూసి పక్కింటి మామ అనుకుని తలుపు వెనక దాక్కుంటాడు. వీడు కాడనుకుని ఇంకెవరినో నాన్న అనుకోడు గదా అని నాయనమ్మ నవ్వుతుంది. కోడలు నవ్వదు.

28కి పెండ్లి చేసుకుని 48కి ఇల్లు చేరినవాడు పది చుట్టీలు వచ్చి ఉంటాడు. 20 ఏళ్ల పెండ్లిలో 20 నెలల కాపురం. వెండి పండుగ చేసుకునే జంటలను ఊరు మెచ్చుకుంటుంది, వీళ్ల లెక్క తీస్తే రెండేళ్లు కూడా నిండలేదు, ఇంకా కొత్త జంటే. అంతమాత్రాన వాడికి ప్రేమ లేదని కాదు. ఎండలో ఇనుప కడ్డీలు మోసి క్యాంపు బస్సులో ఏడున్నరకు గదికి చేరినవాడు స్నానం కంటే ముందు ఇమో తెరుస్తాడు. ఇక్కడ తొమ్మిది. ఆమె వంట గిన్నెలు తోమి, అత్తకు మందు బిళ్లలిచ్చి, ఫోన్‌ను గోడకు ఆనిస్తుంది. యూఏఈలో వాట్సాప్‌లో మాట్లాడే కాల్ పోదు, అందుకే మన పల్లెల్లో ముసలవ్వకు కూడా ఇమో వచ్చు. ఆ అరగంటలో సగం “వినస్తందా?” మీద పోతుంది. నేను వెక్కిరిస్తున్నది ఆ అబ్బాయిని కాదు. వాడి కష్టాన్ని అమ్మాయి గుణంగా రాసి ఇచ్చిన బయోడేటాను.

అసలైన ముచ్చట డబ్బు దగ్గర ఉంది.

గల్ఫ్ వీసాకు లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు రుసుము కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదని భారత ప్రభుత్వం 2017 నిబంధనల్లో రాసింది. మన ఏజెంట్లు ఆ నిబంధనను ఎంతో గౌరవిస్తారు, రశీదు మీద అంతే రాస్తారు. మిగిలింది చేతికి. లక్ష అనుకుందాం. ఆ లక్ష ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి వస్తుంది, అంటే నెలకు రెండు వేలు, ఏడాదికి 24 వేలు. దుబాయిలో కాలు పెట్టకముందే అబ్బాయి వడ్డీలో కాలు పెట్టాడు. మొదటి కాంట్రాక్టు వడ్డీకి, ఇంటి ఖర్చులకే సరిపోతుంది, అసలు మిగిలే ఉంటుంది. రెండో కాంట్రాక్టు ముందు ఇంట్లో పెద్దమనుషులకు ఒక మెరుపు మెరుస్తుంది, “పెండ్లి జేస్తె తీరిపోతది.”

ఈ ఆలోచన ఎంత అందంగా ఉందో కొంచెం ఆగి చూడాలి. కట్నం వస్తుంది, వీసా అప్పు తీరుతుంది, లేదా కొత్త వీసా కొంటారు. అబ్బాయి విమానమెక్కుతాడు, అమ్మాయి ఇంట్లో మిగులుతుంది. తనను మొగుడికి దూరం చేసే టికెట్టుకు డబ్బు కట్టింది ఆమె తండ్రి. ఆయన రెండెకరాల్లో అరెకరం అమ్మి కట్టాడు. గల్ఫ్‌లో వీసా ఇచ్చి, మనిషిని తన పేరు మీద ఉంచుకునేవాడిని కఫీల్ అంటారు. ఆ అరబ్బు శేఖ్ ఒక సంతకం పెట్టాడు, అంతే. పెట్టుబడి పెట్టిన అసలు కఫీల్ ఇక్కడ ఖానాపూర్ బస్టాండులో పల్లీలు కొనుక్కుని ఇంటికి పోతున్న మామగారు. శేఖ్‌కైతే అకామా రద్దు చేసే హక్కన్నా ఉంది. ఈ కఫీల్‌కు అల్లుడు చుట్టీకి ఎప్పుడొస్తాడని అడిగే ధైర్యం కూడా ఉండదు, బిడ్డ అక్కడ ఉంది గదా. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరమని చట్టం ఉంది. ఆ చట్టం కూడా దుబాయి పోయినట్టుంది, చుట్టీకి కూడా వచ్చిన దాఖలా లేదు.

ఇంతకూ వరుడు పంపే పైసలు ఎవరి ఖాతాలో పడతాయి? బయోడేటాలో ఇది ఎప్పుడూ రాయని గడి. మొదటి నుంచీ నాన్న ఖాతాలో పడుతున్నాయి, పెండ్లయ్యాక కూడా అక్కడే పడతాయి. ఇల్లు కడతారు, అది నాన్న పేరు మీద లేస్తుంది. కోడలికి సబ్బు కావాలంటే మామ దగ్గర అడగాలి, మామ లేనప్పుడు మరిది దగ్గర. అందుకే ఈ జిల్లాలో బీడీలు చేయడం వచ్చిన పిల్లకు, బీడీల పీఎఫ్ ఉన్న పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుంది. అత్తగారు అడగకుండానే అడుగుతుంది, “చేతుల పని ఉన్నదా బిడ్డా?” మొగుడు ఎడారిలో, పెళ్లాం చాట ముందు. అతను ఇల్లు కడుతుంటే ఆమె ఇల్లు నడుపుతుంది. అతని పనికి వీసా ఉంది, ఓవర్‌టైం ఉంది. ఆమె పనికి అణకువ అని పేరు.

ఇంకో పెద్ద దాపరికం వీసా రకం దగ్గర ఉంది, ఇది తెలియక మునిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. “వర్క్ వీసా” అని రాసిన బయోడేటాలన్నీ వర్క్ వీసాలు కావు. కంపెనీ వీసా అయితే యూఏఈలో మామూలుగా రెండేళ్లకు ఉంటుంది, చేతిలో ఎమిరేట్స్ ఐడీ కార్డు ఉంటుంది, దాని మీద ఆఖరు తేదీ ఉంటుంది, జీతం బ్యాంకు ద్వారా పడుతుంది. వీడు దూరంగా ఉన్నాడు, కానీ ఆ దూరానికి ఒక తేదీ ఉంది. ఆజాద్ వీసా అయితే కాగితం మీద ఒక యజమాని, పని ఇంకో చోట. పేరుకు యజమాని అయినవాడికి ఏటా ఇంత అని కట్టాలి, తనిఖీలో దొరికితే ఆ రోజుతో కథ ముగుస్తుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి పని చేసే హక్కే లేదు, వాడి దగ్గర ఆ కార్డే ఉండదు. గడువు దాటాక, కంపెనీ నుంచి పారిపోయాక మిగిలేది ఖల్లివెల్లి. ఆ మాటను మన పల్లెల్లో ఎంత మామూలుగా అంటారంటే, “మావోడు ఖల్లివెల్లి జేస్తుండు” అని చెప్పే తల్లి గొంతులో ఏదో ప్రమోషన్ వచ్చినట్టుంటుంది. ఆ మనిషి చుట్టీకి రాలేడు. జరిమానా కట్టాలి, లేదంటే అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆగాలి. యూఏఈ ఈమధ్య 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ప్రకటించింది. అది ఎన్నికల్లాగా ఐదేళ్లకోసారి తప్పకుండా వచ్చేది కాదు.

అమ్మాయి తండ్రి నాలుగు ప్రశ్నలడిగితే ఇదంతా పది నిమిషాల్లో తేలుతుంది. కార్డు రెండు వైపులా ఫొటో పంపమనాలి. దాని మీద ఉన్న యజమాని పేరు, జీతం వేస్తున్న కంపెనీ పేరు ఒకటేనా చూడాలి. జీతం చేతికిస్తే ఎందుకిస్తున్నారో అడగాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగాలి. ఇవి అడిగితే “పిల్లోళ్లు మస్తు అనుమానపోళ్లు” అని సంబంధం తప్పిపోతుందని ఆయన భయం. తప్పిపోతే పోనివ్వండి, కార్డు ఫొటోకే పారిపోయిన సంబంధం కాపురానికి నిలుస్తుందా?

ప్రభుత్వాల సంగతి ఒక్క మాటలో. 2020 సెప్టెంబరులో, కరోనా సమయాన, ఢిల్లీ గల్ఫ్ కార్మికుల కనీస వేతనాలను ముప్పై నుంచి యాభై శాతం దాకా తగ్గించి, గొడవ అయ్యాక 2021 జూలైలో పాతవి తిరిగి పెట్టింది. అంటే ఇక్కడి భార్యకూ అక్కడి గీతకూ మధ్య దూరాన్ని మన సర్కారే పది నెలలు స్వయంగా పెంచి చూసింది. హైదరాబాద్ 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల సాయం మొదలుపెట్టింది. మంచిదే, చాలా ఏళ్లు కొట్లాడితే వచ్చింది. కానీ దుబాయి మనిషి భార్య అనే స్త్రీ సర్కారు కాగితంలో మొదటిసారి కనపడేది శవపేటిక శంషాబాద్ కార్గోలో దిగిన రోజున. అంతవరకూ ఆమె అర్థం చేసుకుంటూ ఉండాలి.

శవపేటిక మాట అపశకునమని పెండ్లి చూపుల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తాలి. పదో తరగతి పాస్ కాని పాస్‌పోర్టుతో గల్ఫ్ పోయేవాడు రెండేళ్లకు 275 రూపాయలు కట్టి ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి, ప్రమాదంలో పోతే 10 లక్షలు వస్తాయి. పెండ్లికి ముందు కట్టిన పాలసీలో నామినీగా తల్లో తండ్రో ఉంటారు. పెండ్లయ్యాక మళ్లీ పోయేటప్పుడు ఆ పేరు మార్చాలని ఎవరికి గుర్తుంటుంది? మార్చమని కోడలు నోరు తెరిస్తే “మొగడు సావాల్నని సూస్తుందా” అంటారు. అందుకే ఈ మాట అడగాల్సింది లగ్నపత్రిక రాసే రోజున, అమ్మాయి మేనమామ, నలుగురి ముందు. అమెరికా వీసాల లెక్కలు తీసిన ఆ గొంతుతోనే.

ఇట్లా అన్నానని దుబాయి సంబంధాలు చేయొద్దని కాదు. చేయక ఎక్కడికి పోతారు? ఊళ్లో ఉన్నవాడికి పనిలేదు, పని ఉన్నవాడికి జీతం లేదు. దూరం అంగీకరించి కాపురం చేసిన ఆడవాళ్లు ఈ మండలంలో ప్రతి వాడకూ ఉన్నారు, వాళ్లకు అర్థం చేసుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. లెక్క చెప్పి అడిగితే ఒప్పుకునేవాళ్లే. కాబట్టి బయోడేటా రాసే సెంటరువాళ్లు, పాత ఫైలు పక్కన ఇంకో ఫైలు పెట్టుకుంటే మంచిది. అమ్మాయిల తరఫున ఎప్పుడూ ఎవరూ రాయించలేదు గనుక నమూనా నేనే ఇస్తున్నాను.

“వధువు ఖానాపూర్ మండలం, వయసు 23, ఇంటర్. రోజుకు ఎనిమిది వందల బీడీలు చేస్తుంది, పీఎఫ్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, అది ఆమె పేరు మీదే ఉంటుంది, ఉమ్మడి ఖాతాగా మారదు. అత్తమామలను చూసుకుంటుంది, దానికి జీతం అడగదు, లెక్క అడుగుతుంది. వరుడు ఏ దేశంలో ఉన్నా సరే, ఆ దేశం పేరు చెప్పగలిగి ఉండాలి. కార్డు, కాంట్రాక్టు, అప్పు కాగితం మూడూ చూపించాలి. అప్పు ఎంతైనా పర్వాలేదు, మా నాన్న దగ్గర తీర్చబడదు. పంపే పైసల్లో మూడో వంతు వధువు ఖాతాకు. చుట్టీకి వచ్చినప్పుడు మొదటి వారం చుట్టాలకు, మిగిలింది ఇంట్లోవాళ్లకు. బీమాలో నామినీ పేరు మార్చాకే లగ్గం. బావిలో మోటారు కాలిపోతే, పిల్లాడికి జ్వరమొస్తే, మరిది తాగొచ్చి గొడవ చేస్తే వధువు తీసుకునే నిర్ణయాన్ని అర్థం చేసుకునే, అణకువ గల అబ్బాయి కావాలి. వివరాలకు ఇండియా టైము పొద్దున ఫోన్ చేయగలరు. రాత్రి తొమ్మిది దాటాక చేయవద్దు, రేపటి ఆకు కత్తిరించుకునేది ఉంటుంది.”